ప్రిపోజిషన్ సారు

జగిత్యాల టవర్ దగ్గర చాయ్ తాగుతూ "మావోడు లెక్కల్ల హుషారు" అంటే ఎవరూ తలెత్తి చూడరు. అదే మాట ఇంగ్లీషులో అని చూడండి. "మై సన్ ఈజ్ గుడ్ ఇన్ మ్యాథ్స్" అన్న మాట పూర్తయ్యేలోగా పక్క బెంచీ మీద పేపరు కిందికి దిగుతుంది. దాని వెనక నుంచి రెండు కళ్లద్దాలు పైకి లేస్తాయి. "గుడ్ ఎట్" అన్న ముక్క వినబడుతుంది. పేపరు మళ్లీ యథాస్థానానికి చేరుతుంది. మీ అబ్బాయికి ఎన్ని మార్కులొచ్చాయో, ఏ కాలేజీలో సీటొచ్చిందో ఆయనకు అక్కర్లేదు.

ఈ సారు జగిత్యాలలోనే కాదు, కోరుట్లలోనూ ఉన్నాడు, సిరిసిల్లలోనూ ఉన్నాడు. ఒకచోట జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయి ఉంటాడు, ఇంకోచోట కిరాణా కొట్టు పైన స్పోకెన్ ఇంగ్లీష్ నడుపుతుంటాడు. ఎక్కడున్నా జేబులో ఎర్ర పెన్ను, చంకలో అట్ట ఊడిన రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ తప్పవు. మిగతా తప్పులను ఆయన పెద్ద మనసుతో క్షమిస్తాడు. "యస్టర్డే ఐ విల్ కమ్" అన్నా నవ్వి ఊరుకుంటాడు. కానీ విశేషణం తర్వాత వచ్చే ఆ పిసరంత మాట దగ్గర మాత్రం దయాదాక్షిణ్యాలు లేవు. ఇంట్రెస్టెడ్ అంటే "ఇన్" పడాలి, అఫ్రైడ్ అంటే "ఆఫ్" పడాలి, ప్రౌడ్ అన్నా, ఫాండ్ అన్నా "ఆఫ్" పడాలి. పడకపోతే ఆయనకు అన్నం సయించదు.

ఒక విషయంలో మాత్రం ఆయన్ని మెచ్చుకోక తప్పదు. తప్పు వినగానే అది ఏ గడప దాటి వచ్చిందో చెప్పేస్తాడు. ఎవరైనా "ఐ యామ్ యాంగ్రీ ఆన్ యూ" అంటే, మన "నీ మీద కోపం"లోని మీద బస్సెక్కి ఇంగ్లీషులోకి పోయిందంటాడు. "షీ ఈజ్ మ్యారీడ్ విత్ ఎ డాక్టర్" అంటే డాక్టరుతో పెళ్లి అనే తోడు. "హీ ఈజ్ సీనియర్ దాన్ మీ" అంటే నాకంటే పెద్దలోని కంటే. అందరికీ సొంత ఇంటి విభక్తే నోట్లోకి వస్తుందని ఆయన సిద్ధాంతం. "అఫ్రైడ్ ఫ్రమ్ డాగ్స్" అన్న పిల్లవాణ్ని మాత్రం "ఇంట్ల ఉర్దూ మాట్లాడతరా బేటా?" అని అడుగుతాడు. ఆ పిల్లవాడు అవునంటే సారు ముఖం వెలిగిపోతుంది. కుత్తేసే డర్ అనేటప్పుడు ఉర్దూలో "సే" వస్తుంది కాబట్టి అది "ఫ్రమ్" అయింది. మన తెలుగు పిల్లవాడికైతే కుక్కంటే భయం. ఆ "అంటే"కు ఇంగ్లీషులో ఏం పెట్టాలో తోచక అసలేమీ పెట్టకుండా "అఫ్రైడ్ డాగ్స్" అంటాడు. అది విన్నవాడికి భయపడ్డ కుక్కలు కళ్లముందు కనిపిస్తాయి.

కోరుట్ల, మెట్‌పల్లి పక్క దుబాయి, మస్కట్, బహ్రెయిన్ పోయినవాళ్లు లేని వాడ దొరకడం కష్టం. కాబట్టి కోరుట్ల సారుకు గిరాకీ అంతా ఇంటర్వ్యూలకు పోయే పిల్లలతోనే. ఒకరోజు ఒక వెల్డరు తల్లిని వెంటబెట్టుకొని వచ్చాడు. చేతిలో ఎవరో రాసిచ్చిన కాగితం. దాన్ని ఊపిరి తీయకుండా చదివాడు: "ఐ యామ్ గుడ్ ఇన్ వెల్డింగ్, ఐ యామ్ ఇంట్రెస్టెడ్ టు వర్క్ ఇన్ యువర్ కంపెనీ, ఐ యామ్ నాట్ అఫ్రైడ్ ఫ్రమ్ హైట్స్." పాత కంపెనీ ఎందుకు విడిచిపెట్టావని అడిగితే చెప్పాల్సిన జవాబు చివర్న ఉంది: "ఐ వాజ్ టయర్డ్ ఆఫ్ వర్క్."

సారు కళ్లు మూసుకున్నాడు. నొప్పి తగ్గాక మొదలుపెట్టాడు.

"వెల్డింగ్ రాడ్ ఉంటది సూడు, అది గుడ్ ఫర్ వెల్డింగ్. దానికి పనికొస్తదని. నువ్వు గుడ్ ఎట్ వెల్డింగ్. ఆ పని నీకు మంచిగ వచ్చని. నీ చేతికి పనిముట్లు మంచిగ అలవాటని చెప్పాల్నంటే గుడ్ విత్ టూల్స్. గుడ్ ఒక్కటే గని ఎనకొచ్చేది మారితే మాటే మారుతది. సమజైందా?"

"అయింది సారూ. ఇన్ అంటే ఏమైతది మరి?"

"నీకు నౌకరి కావాల్నా, వాదన కావాల్నా?"

తర్వాత "ఇంట్రెస్టెడ్ టు వర్క్" దగ్గర చాలాసేపు ఆగాడు. ఇంట్రెస్టెడ్ పక్కన పని పేరు రావాలంటే "ఇన్" పెట్టి, క్రియకు ఇంగ్ తగిలించాలి. కాబట్టి "ఇంట్రెస్టెడ్ ఇన్ వర్కింగ్" అన్నాడు. "టు" అసలే రాదని కాదు, వినడం, తెలుసుకోవడం, చూడడం లాంటి మాటలకే వస్తుంది. "ఐ వుడ్ బి ఇంట్రెస్టెడ్ టు నో ద శాలరీ" అంటే తప్పు లేదట. జీతమెంతో తెలుసుకోవాలని కుతూహలం అన్నమాట. ఆ వాక్యం ఒక్కటీ పిల్లవాడు వెంటనే కంఠతా పట్టాడు.

"టయర్డ్ ఆఫ్ వర్క్" దగ్గరికి వచ్చేసరికి సారు గొంతు పెరిగింది. డబుల్ డ్యూటీ చేసి ఒళ్లు హూనమయిందని చెప్పడం వాడి ఉద్దేశం. అది "టయర్డ్ ఫ్రమ్". "ఆఫ్" పెడితే విసుగు పుట్టిందని అర్థం. "పని మీద విసుగు పుట్టినోనికి పని ఎవడిస్తడు రా?" అన్నాడు. పిల్లవాడు తల గోక్కొని, నిజానికి విసుగే పుట్టింది సారూ అన్నాడు. అట్లయితే వ్యాకరణం సరిగానే ఉంది గానీ నువ్వే సరిగా లేవన్నాడు సారు.

అంతసేపూ గడప మీద కూర్చున్న తల్లి ఒక్కమాట అంది: "వీడు పోతుంటే నాకు భయమైతుంది సారూ."

సారుకు అదీ పాఠమే. "సూడమ్మా, ఇంగ్లీషుల రెండు భయాలుంటయి. అఫ్రైడ్ ఆఫ్ మై సన్ అంటే కొడుకును సూసి నీకు భయం. అఫ్రైడ్ ఫర్ మై సన్ అంటే కొడుక్కు ఏమైతదో అని భయం. నీది ఏ భయం?"

"రెండూ ఉన్నయి సారూ. తాగొచ్చిన్నాడు మొదటిది."

వారం తిరక్కుండా ఆ పిల్లవాడి ఫోనొచ్చింది. "సారూ, ఇంటర్వ్యూల వాళ్లే 'ఆర్ యూ ఇంట్రెస్టెడ్ ఫర్ నైట్ షిఫ్ట్' అన్నరు. నేను 'ఎస్ సర్, ఇంట్రెస్టెడ్ ఇన్ నైట్ షిఫ్ట్' అని 'ఇన్' మీద ఒత్తి చెప్పిన" అన్నాడు. సారు ఆ సాయంత్రమంతా ఆ మాట వచ్చినవాడికీ పోయినవాడికీ చెప్పాడు. ఉద్యోగం వచ్చిందా అని ఎవరో అడిగితే, ఆ సంగతి అడగడం మరిచానన్నాడు.

ఈ చిన్నమాట విశేషణం సొత్తేనని ఎట్లా తెలుస్తుందంటే, సారు ప్రశ్న వేసి చూపిస్తాడు. "వాట్ ఆర్ యూ అఫ్రైడ్ ఆఫ్?" కుక్క వాక్యంలోంచి మాయమైంది, ఏమిటి అన్నది ముందుకు పోయింది, "ఆఫ్" మాత్రం అఫ్రైడ్ పక్కన కదలకుండా కూర్చుంది. మన తెలుగులో విభక్తి నామాన్ని పట్టుకొని తిరుగుతుంది. "దేనికి భయపడతావు" అంటే "కి" కూడా దేనితోపాటే ముందుకు పోతుంది. సారు మాటల్లో చెప్పాలంటే, ఇంగ్లీషు విశేషణం దసరాకు దోస్తును వెంటబెట్టుకొచ్చే కొత్తల్లుడు. ఆ దోస్తే ఎందుకని అడగరాదు, వేరేవాణ్ని తెచ్చుకొమ్మని అసలే అనరాదు, ఇద్దరికీ విస్తరి వేయాల్సిందే.

అందుకే ఒక్క మాటను ఒంటరిగా బట్టీ పట్టడం ఆయన దృష్టిలో నేరం. నోటుబుక్కులో "ప్రౌడ్ - గర్వపడే" అని రాస్తే కొట్టేస్తాడు. "ప్రౌడ్ ఆఫ్ మై సిస్టర్" అని మూడు నాలుగు మాటలు కలిపి రాయిస్తాడు. నిఘంటువులో ఆ మాట పక్కనున్న ఉదాహరణ చూడమంటాడు. దీని వెనక పెద్ద కథే ఉంది. జపాన్‌లో ఇంగ్లీషు చెప్పిన హార్న్‌బీ అనే దొర, అక్కడి విద్యార్థులు ఏ మాట పక్కన ఏ మాట పెట్టాలో తెలియక తడబడడం చూసి, 1942లో టోక్యోలో ఒక నిఘంటువు తెచ్చాడు. దాన్నే 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు మళ్లీ వేశారు. మన ఇళ్లల్లో బీరువా మీద దుమ్ము కొట్టుకుపోతున్న ఆక్స్‌ఫర్డ్ లర్నర్స్ డిక్షనరీ దాని సంతానమే. "టోక్యోల తిప్పలు, కోరుట్ల తిప్పలు ఒక్కటే" అని సారుకు అదో ఊరట.

అంతా తెలిసిన మనిషి కూడా ఇంట్లో ఓడిపోతాడు. యాంగ్రీ దగ్గర సారు సూత్రం ఏమిటంటే మనిషైతే "విత్", విషయమైతే "అబౌట్", "ఎట్" రెండింటికీ చెల్లుతుంది. ఒకనాడు భార్య కూరగాయల సంచీ విసిరికొట్టి "నాకు మస్తు కోపమొస్తుంది" అంది. ఈయన అలవాటు కొద్దీ "నాతోనా, నేను చేసిన పని గురించా?" అని అడిగాడు. ఆమె ఒక్క క్షణం చూసి "నీతో, నీ పనితో, నీ గ్రామర్‌తో" అంది. ఆ పూట మూడింటికీ విత్తే సరిపోయింది.

సారుకు ఇంకో బలహీనత ఉంది. లోకం మారిందంటే ఒప్పుకోడు. "బోర్డ్ ఆఫ్" అన్నవాణ్ని ఇంకా "బోర్డ్ విత్" అని దిద్దుతూనే ఉంటాడు. ఇప్పుడు ఇంగ్లండు పిల్లలే "ఆఫ్" అంటున్నారని చెప్పండి, ఆ పిల్లల సారు ఎవరని అడుగుతాడు. డిఫరెంట్ పక్కన "ఫ్రమ్" తప్ప ఇంకోటి కనిపిస్తే సహించడు. బ్రిటన్‌లో "టు" వినిపిస్తుందని, అమెరికాలో "దాన్" వాడతారని మనవడు వాషింగ్టన్ నుంచి ఫోనులో చెబితే, "వాళ్లకు పరీక్షలు లేవు, మనకున్నయి" అన్నాడు. ఖాళీలు పూరించమని ఒక మార్కుకిచ్చే ప్రశ్న దగ్గర ఆయన మాటే చెల్లుతుంది కాబట్టి దీనికి ఎదురు చెప్పడం కష్టం.

సిరిసిల్ల సారు దగ్గరికి ఒక మరమగ్గాల ఆసామి ఉత్తరం పట్టుకొచ్చాడు. పాలిస్టర్ గుడ్డ ఆర్డరు ఆలస్యమైంది. భీములు టైముకు రాలేదు, నాలుగు సాంచాలు ఆగినయి. ఉత్తర భారతంలోని పార్టీకి క్షమాపణ రాయాలి. ఇంటరు చదివే కొడుకు టైపు చేశాడు: "వి ఆర్ రెస్పాన్సిబుల్ ఆఫ్ ద డిలే."

సారు ఎర్ర పెన్ను తీశాడు. "ఆఫ్ కాదు, ఫర్. రెస్పాన్సిబుల్ టు అంటే ఎవరికి జవాబు చెప్పుకోవాల్నో వాళ్లు. రెస్పాన్సిబుల్ ఫర్ అంటే ఏ పనికి, ఏ తప్పుకు జవాబుదారులమో అది. ఫర్ ద డిలే అని రాస్తే ఆలస్యం మా తప్పే అని సాఫ్‌గ ఒప్పుకున్నట్టు."

"సాఫ్‌గ ఒప్పుకున్నట్టేనా సారూ?"

"ఏ అనుమానం లేకుంట."

"పైసలు కోసుకుంటరు కదా మరి?"

"అది నాకెట్ల తెలుస్తది? ప్రిపోజిషన్ వరకే నాది పూచీ."

ఆసామి కాగితం తీసుకొని రెండుసార్లు దండం పెట్టాడు. మెట్లు దిగుతూ కొడుకు భుజం మీద చెయ్యి వేసి, "ఆఫ్ అనే ఉండనియ్ రా, వానికి మంచిగ సమజు కావొద్దు" అన్నాడు. పైనుంచి సారు వినలేదు. అప్పటికే ఇంకొకడు "సారూ, ఐ యామ్ ఇంట్రెస్టెడ్ ఆన్..." అంటూ లోపలికొచ్చేశాడు.