బీప్ మోగిందని నమ్మాను

కణేకల్‌లో బండ్ల వైరింగ్ పని నాది. ఒక రైతు తన పికప్‌ను నాకు అప్పగిస్తే, బాగున్న మీటర్ బోర్డును పాడైపోయిందని చెప్పి ఆయనతో ఇంకొకటి కొనిపించాను. మోసం చేయాలని చేసింది కాదు. అయినా పోయింది ఆయన డబ్బే. కాలువకు నీళ్ళొదిలి నాట్లు మొదలైన రోజుల్లో నిలబడింది ఆయన బండే. ఎక్కడ తప్పానో దాచకుండా రాస్తున్నాను. ఈ పనిలో ఉన్నవాళ్ళకూ, బండి ఉన్నవాళ్ళకూ పనికొస్తుంది.

బండి వచ్చినప్పుడు బోర్డు మీద లేని లైటు లేదు. ఇంజన్ లైటు, ఆయిల్ లైటు, బ్యాటరీ లైటు, బ్రేకు లైటు, అన్నీ ఒకేసారి వెలిగాయి. ముళ్ళు మాత్రం సున్నా మీదే పడుకున్నాయి. వేగం లేదు, డీజిల్ లేదు, వేడి లేదు. కానీ ఇంజన్ ఒక్క సెల్ఫుకే అందుకుని చక్కగా తిరుగుతోంది. ఇంజన్ నిజంగా చెడితే ఒకటో రెండో లైట్లు వెలుగుతాయి. అన్నీ కలిసి వెలిగి ముళ్ళన్నీ చచ్చిపడితే జబ్బు ఇంజన్‌లో కాదు, బోర్డుకు అందాల్సిందేదో అందడం లేదు, లేదా బోర్డే పోయింది. అంతవరకు సరిగ్గానే ఆలోచించాను.

ఆ రైతు ఇంకో మాట కూడా అన్నాడు. "ఫ్యాను గూడా మెల్లగా తిరుగుతాంది, సూడప్పా." నేను వినిపించుకోలేదు. "అది వేరే రిపేరు మామా, ముందు బోర్డు సంగతి చూద్దాం" అన్నాను. జవాబు ఆయన నోట్లోంచే వచ్చింది, నేనే పక్కన పెట్టేశాను.

ఫ్యూజులు చూశాను, బాగున్నాయి. కీ ఆఫ్ చేసి, బోర్డు వెనక కప్లర్ పీకి, మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టి, ఎర్త్ పిన్నుకూ బాడీకూ ముట్టించాను. బీప్ మోగింది. ఎర్త్ బాగుంది, పాజిటివ్ వస్తోంది, కాబట్టి బోర్డే పోయిందని తేల్చేశాను. బళ్ళారిలో పాత సామాన్ల అంగడి నుంచి అదే మోడల్ బోర్డు తెప్పించి బిగించాను. కీ తిప్పితే మళ్ళీ అన్ని లైట్లూ వెలిగాయి, ముళ్ళు మళ్ళీ లేవలేదు. పైగా కిలోమీటర్ల లెక్క ఇంకెవరి బండిదో కనబడింది. ఆ లెక్క చాలా బండ్లలో బోర్డులోనే దాగి ఉంటుంది. కొన్నింటిలో తాళంచెవి గుర్తు కూడా బోర్డుతో ముడిపడి ఉంటుంది, అప్పుడు బోర్డు మారిస్తే బండి స్టార్టే కాదు. ఇవన్నీ తెలిసి కూడా తొందరపడ్డాను. అంతటితో ఆగకుండా, వైరింగ్ మొత్తం మార్చాల్సి రావచ్చని కూడా అన్నాను.

ఫ్యాను రొదలో నా మాట వినబడక ఆయన స్విచ్చి ఆపాడు. ముళ్ళు లేచాయి. ఒక్కొక్క లైటే ఆరిపోయింది. ఆయన మళ్ళీ ఫ్యాను వేశాడు, ముళ్ళు మళ్ళీ పడిపోయాయి.

అప్పుడు చేశాను, మొదటే చేయాల్సిన పరీక్ష. కీ ఆన్‌లో ఉంచి, కప్లర్ పీకకుండా, మీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టాను. నల్ల వైరు బ్యాటరీ నెగటివ్‌కు, ఎర్ర వైరు బోర్డు ఎర్త్ పిన్నుకు పెట్టాను. ఎర్త్ బాగుంటే అక్కడ దాదాపు సున్నా రావాలి. 0.1 వోల్టు దాటితే అనుమానించాలి. ఫ్యాను లేకుండా అర వోల్టు వచ్చింది. ఫ్యాను పూర్తిగా వేస్తే దాదాపు 5 వోల్టులు. అంటే బ్యాటరీలో 12 ఉన్నా బోర్డు చేతికి అందుతున్నది ఏడే.

మరి బీప్ ఎందుకు మోగింది? బీప్ పరీక్షకు మీటర్ పంపే కరెంటు ఒక మిల్లీ ఆంపియరు మాత్రమే, అటూ ఇటుగా. పదుల ఓముల అడ్డు ఉన్నా చాలా మీటర్లు మోగుతాయి. ఈ బండిలో తుప్పు పట్టిన అతుకు దగ్గర అడ్డు ఒక ఓము. మిల్లీ ఆంపియరుకు అది లెక్కలోకే రాదు. అదే దారిన ఫ్యానుదీ బోర్డుదీ కలిపి ఐదు ఆంపియర్లు వెళ్ళాలంటే ఐదు వోల్టులు అక్కడే ఖర్చయిపోతాయి. మన చెరువు తూము పూడిపోయినా సన్నటి ధార కారుతూనే ఉంటుంది, అది చూసి ఆయకట్టుకంతా నీళ్ళు పారతాయనుకుంటే ఎంత తప్పో ఇదీ అంతే. ఎర్త్‌ను బరువు మోస్తుండగానే కొలవాలి.

లైట్లన్నీ ఎందుకు వెలిగాయో కూడా ఇక్కడే తెలుస్తుంది. కీ తిప్పగానే బోర్డు తనను తాను పరీక్షించుకుంటూ అన్ని లైట్లనూ కాసేపు వెలిగిస్తుంది. వోల్టేజి చాలక లోపలి చిప్పు మాటిమాటికీ ఆగి మొదలవుతుంటే, ఆ పరీక్ష దగ్గరే తిరుగుతుంటుంది. చిన్న ఎల్ఈడీలకు రెండు మూడు వోల్టులు చాలు, అవి వెలుగుతాయి. ముళ్ళు తిప్పే మోటార్లకు చిప్పు నిలకడగా చెబితేనే కదలిక. ఇంజన్ కంప్యూటర్‌కు వేరే ఎర్త్ ఉంది, అందుకే ఇంజన్‌కు ఏమీ తెలియలేదు.

అతుకు ఎక్కడుందో వెతకడానికి ఒక పొడుగాటి వైరు చాలింది. దాన్ని బ్యాటరీ నెగటివ్ నుంచి తెచ్చి బోర్డు ఎర్త్‌కు ముట్టించగానే, ఫ్యాను తిరుగుతున్నా ముళ్ళు నిలబడ్డాయి. ఆ ఎర్త్ వైరు పట్టుకుని పోతే ఎడమవైపు సీటు కాళ్ళ దగ్గర, ప్లాస్టిక్ మూత వెనక, బాడీకి బిగించిన బోల్టు దొరికింది. రాగి కన్ను మీద పచ్చటి పొడి, కింద ఎర్రటి తుప్పు. ఎరువు మూటలు క్యాబిన్‌లో పెట్టి తెచ్చేవాడు, చిరిగిన మూట నుంచి రాలిన ఎరువు అక్కడ చేరింది. బురద కాళ్ళతో ఎక్కి దిగిన క్యాబిన్‌ను కాలువ దగ్గర నీళ్ళు కొట్టి కడిగేవాడు. ఉప్పు, తడి, ఇనుము కలిశాయి. ఇటు వేదవతి ఇసుక దుమ్ము కూడా ఎక్కడ తడి ఉంటే అక్కడ అంటుకుని ఆరనివ్వదు.

బోల్టు విప్పి, ఇనుము మెరిసేదాకా ఎమరీ కాగితంతో రుద్ది, కొత్త కన్ను వేసి, గట్టిగా బిగించి, ఆ తర్వాతే పైన గ్రీజు పూశాను. ఆయన పాత బోర్డు మళ్ళీ ఎక్కించి ఫ్యాను పూర్తిగా వేసి కొలిస్తే 0.05 వోల్టు. ఫ్యాను కూడా మునుపటి జోరుతో తిరిగింది. బోర్డు డబ్బు ఆయనకు తిరిగి ఇచ్చాను. వద్దన్నా జేబులో పెట్టాను.

బోర్డు నిజంగానే పోయే బండ్లూ ఉంటాయి. ఎర్త్ దగ్గర 0.1 వోల్టు లోపే ఉండి, పాజిటివ్ పూర్తిగా అందుతూ, స్కానర్ పెడితే ఇంజన్ పలికి బోర్డు పలకకపోతే, పైన తట్టినప్పుడు ముళ్ళు ఒక్కసారి ఉలిక్కిపడితే, లోపల టంకం పగిలిందని అనుమానించవచ్చు. స్కానర్‌కు బోర్డూ ఇంజనూ రెండూ పలకకపోతే వాటి మధ్య మాటలు మోసే క్యాన్ జంట వైరును చూడాలి. బ్యాటరీ తీసేసి స్కానర్ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే సుమారు 60 ఓములు రావాలి. 120 వస్తే ఒక కొన తెగిందని అర్థం. ఆ కొన కొన్ని బండ్లలో బోర్డులోనే ఉంటుంది కాబట్టి కప్లర్ పెట్టే కొలవాలి. ఇవన్నీ దాటి వచ్చిన బండికే ఇప్పుడు బోర్డు రాసిస్తున్నాను. పాతది విప్పే ముందు దాని కిలోమీటర్లు రైతుకు చూపించి బిల్లు మీద వేస్తున్నాను.