చుట్టాలకని దాచిన బాదం

మా ఇంట్లో బాదంపప్పు ఉండేది తినడానికి కాదు, దాచడానికి. కాలిఫోర్నియాలో ఉన్న మా ఆడపడుచు వచ్చినప్పుడల్లా పెద్ద సంచీడు తెస్తుంది. మా అత్తయ్య అందులోంచి మామయ్యగారికి రోజూ ఓ గుప్పెడు నానబోసి, మిగతాది "చుట్టాలొస్తే కావాలి" అని భద్రం చేస్తారు. చుట్టాలు వస్తారు, కాఫీ తాగుతారు, వెళ్తారు. బాదం మాత్రం కదలదు.

నానబెట్టిన బాదం పొట్టు తీయడం మామయ్యగారి పొద్దుటి వ్యాయామం. రాత్రంతా నీళ్లు పీల్చి పొట్టు ఉబ్బి, పప్పు మీద పట్టు సడలుతుంది. ఓ కొస పట్టుకుని నొక్కితే చాలు, పప్పు జారి బయటికొస్తుంది. ఎక్కడికొస్తుందన్నది మాత్రం మన చేతిలో లేదు. ఆయన నొక్కినవాటిలో కొన్ని నోటికి, కొన్ని ఫ్రిజ్ కిందికి వెళ్తుంటాయి. నానబెట్టడం మరిచిపోయిన రోజున అత్తయ్య మరిగే నీళ్లు పోసి, నిమిషం ఆగి వంచేసి, వెంటనే చన్నీళ్లు పోస్తారు. అప్పుడూ పొట్టు అంతే సులువుగా ఊడుతుంది. ఇంకాసేపు ఉంచితే పప్పు ఉడికి మెత్తబడుతుంది.

ఈ సులువే మా మరిదికి ఆలోచన పుట్టించింది. "రోజూ ఈ గోలెందుకు వదినా? సంచీ మొత్తం ఒకేసారి ఒలిచేసి, ఎండబెట్టి, సీసాలో పోసేస్తే పోలా!" అన్నాడు. అన్నంత పనీ చేశాడు. అందంగా, తెల్లగా మెరుస్తున్న పప్పుల్ని గాజుసీసాలో పోసి, అందరికీ కనబడాలని స్టవ్ పక్కన కిటికీలో పెట్టాడు.

బాదంపప్పు బరువులో దాదాపు సగం నూనే. ఆ నూనెకి గాలి తగిలితే అందులోని ఆక్సిజన్ దాన్ని మెల్లగా విరగ్గొడుతుంది. ఒకచోట మొదలైతే ఆగదు, పక్కదానికీ అంటుకుంటుంది. వెలుతురూ వేడీ దానికి ఊతం. నోటికి వగరుగా తగిలే ఆ గోధుమరంగు పొట్టే ఇన్నాళ్లూ గాలిని అడ్డుకుంటూ వచ్చింది. ఆ వగరుకి కారణమైన పదార్థాలే నూనె చెడకుండా కాపాడతాయి. మా మరిది కావలివాణ్ణి పనిలోంచి తీసేసి, ఇంటికి దీపాలు పెట్టి, తలుపులు తీశాడన్నమాట.

కొన్నాళ్లకి సీసా మూత తీస్తే, దీపపు కుంది అడుగున మిగిలిన పాత నూనె వాసన వచ్చింది. కంటికి ఏ తేడా లేదు. కొరికితే మొదట బాదమే, నమిలాక గొంతు వెనక ఓ చేదు. కనరెక్కిందని తెలియడానికి ఇంతకన్నా పరీక్ష అక్కర్లేదు. అత్తయ్య ఒప్పుకోలేదు. "కాస్త వేయిస్తే పోతుందిలే అమ్మాయ్" అని మూకుడు పెట్టారు. వేగుతున్నంతసేపూ వీధంతా కమ్మటి వాసన. చల్లారాక మళ్లీ అదే కనరు. చెడిన నూనెని వేడి బాగుచెయ్యదు, ఇంకా చెడగొడుతుంది.

వేరుశనగ విషయంలో అత్తయ్యకి ఈ సంగతులన్నీ తెలుసు. పుట్టింటి నుంచి వచ్చే కాయల్ని గోనెసంచిలోనే ఉంచి, కావలసినప్పుడు కావలసినన్నే ఒలుస్తారు. డొల్లలో ఉన్న గింజ నెలల తరబడి చెక్కుచెదరదు. ఒలిచిన గింజ అంతకాలం ఆగదు. వేయించి, పొట్టు నలిపి, బద్దలు చేసింది అన్నిటికన్నా ముందు పోతుంది, ఎందుకంటే వేపుడులో లోపలి నూనె పైకొస్తుంది, బద్ద చేస్తే గాలికి కొత్త వాకిలి దొరుకుతుంది. అందుకే చట్నీకి ఆవిడ ఏ పూటకాపూటే వేయిస్తారు. చెమ్మ తగిలి బూజు పట్టిన గింజ కనబడితే మాత్రం ఆవిడ దగ్గర కూడా దయ ఉండదు. ఆ బూజు చేసే విషం వేయించినా పూర్తిగా పోదు.

మరి బాదం దగ్గర ఈ జ్ఞానమంతా ఏమైందంటే, "అది విదేశీ సరుకు కదా" అన్నారు.

ఈసారి వచ్చిన సంచీని పొట్టుతోనే, గాలి చొరని డబ్బాలో పోసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టించాను. చల్లగా, చీకట్లో, ఇంగువ వాసనకి దూరంగా ఏడాది పైనే ఉంటుందని చెప్పాను. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాను: బయటికి తీసిన వెంటనే మూత తెరవకూడదు, చల్లటి పప్పు మీద గాలిలోని తేమ చెమటలా పడుతుంది, గది వేడికి వచ్చేదాకా ఆగాలి. అత్తయ్య ఇది శ్రద్ధగా విన్నారు. మొన్న మా పెద్దత్తగారు వచ్చినప్పుడు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి, "ఇప్పుడే తీయకూడదు వదినా, చెమ్మ పడుతుందట" అన్నారు. కాఫీలయ్యాయి, కబుర్లయ్యాయి. ఆవిడ బస్సు టైమైంది. డబ్బాకి ఇంకా చలి వదల్లేదు.