ఏ ఎండకా గొడుగు

కులమూ జాతీ ఒకటేనా అని మన పెద్దమనుషులను అడిగి చూడండి. ముందు ఏ ఊళ్లో అడుగుతున్నారో చెప్పమంటారు.

1923లో అమెరికా సుప్రీంకోర్టులో ఈ ప్రశ్న వచ్చింది. అప్పటి చట్టం ప్రకారం బయటి నుంచి వచ్చినవాళ్లలో పౌరసత్వం తెల్లవాళ్లకూ, ఆఫ్రికా సంతతివాళ్లకూ మాత్రమే. పంజాబ్ నుంచి వెళ్లిన భగత్ సింగ్ థిండ్ తాను ఆర్య రక్తమున్న అగ్రకులస్థుణ్ని, కనుక తెల్లవాణ్నేనన్నాడు. సాక్ష్యం కూడా పెట్టారు. పెళ్లి సంబంధాల దగ్గర, మీ తెల్లవాడు నల్లవాణ్ని ఎలా చూస్తాడో, మా అగ్రకులంవాడు ఆదివాసిని అలాగే చూస్తాడట! వివక్షను యోగ్యతాపత్రంలా జేబులో పెట్టుకుని కోర్టు మెట్లెక్కిన ఘనత అది. మామూలు తెల్లవాడి కళ్లకు నువ్వు తెల్లవాడివి కావు పొమ్మంది కోర్టు.

2001లో ఎండ మారింది. డర్బన్‌లో జాత్యహంకారంపై ఐక్యరాజ్యసమితి సదస్సు. దళిత సంఘాలు కులం గోడు వినిపించబోతే, కులం జాతి కాదు, ఇది మా ఇంటి గొడవ అంది మన ప్రభుత్వం. తమాషా ఏమిటంటే, జాతి వివక్షపై 1965 నాటి అంతర్జాతీయ ఒప్పందంలో ‘వంశం’ అనే మాట చేర్పించింది భారతదేశమే. ఆ మాటలోకి కులమూ వస్తుందని 2002లో ఐరాస కమిటీ అంటే మాత్రం మనకు రుచించలేదు.

పండితుల తగువు వేరు, అది నిజమైన తగువు. కులాన్ని జాతిగా చూడటం శాస్త్రానికి నిలవదన్నాడు ఆంద్రె బెతెయ్. కులవ్యవస్థను కింది కులాలు కూడా ఒప్పుకుంటాయి, నల్లవాళ్లు తమ బానిసత్వాన్ని ఎన్నడూ ఒప్పుకోలేదు, కాబట్టి పోలిక కుదరదన్నాడు 1948లో ఆలివర్ కాక్స్. ఒప్పుకున్నారని మీకెవరు చెప్పారు, పైకులాలవాళ్లా అన్నట్టు 1960లో బదులిచ్చాడు జెరాల్డ్ బెర్రిమన్. పుట్టుకతో హోదా, పెళ్లికి కంచె, అడుగడుగునా అవమానం రెండుచోట్లా ఉన్నాయన్నది ఆయన వాదన.

తేడా ఉంది. రంగు కంటికి కనబడుతుంది, కులాన్ని తవ్వి తీయాలి. అందుకే మనవాళ్లు డల్లాస్‌లో దిగినా సరే, “ఇంటిపేరేమిటండీ? ఏ ఊరు? ఊళ్లో ఎటువైపు?” అని మూడు ప్రశ్నల్లో పని ముగిస్తారు. పంజాబ్ బ్రాహ్మణుడిదీ, పంజాబ్ దళితుడిదీ ఒకటే జాతి అని 1936లోనే రాశాడు అంబేడ్కర్. కులాన్ని వెనకేసుకురావడానికి కాదు, నిర్మూలించమనడానికి. ఆయన వాక్యంలో మొదటి సగం డర్బన్ విమానమెక్కింది, రెండో సగం ఇంటి దగ్గరే ఉండిపోయింది.

పోలిక తప్పంటారా, సరే. 1923లో దాన్ని కోర్టుకు రాసిచ్చింది మనవైపు వకీళ్లే. తెల్లవాడు ఒప్పుకోలేదు, అంతే.