గోడల్లేని హాలుకు టైల్స్

మదనపల్లెలో బయల్దేరి పుంగనూరు మీదుగా కుప్పం చేరేలోపు రోడ్డు పక్కన ఎన్ని టైల్స్ షోరూములు తగిలినా, వాటన్నిటిలో ఉండేది ఒకటే హాలు. ఫ్లెక్సీ మీదా అదే, కేటలాగులోనూ అదే, కౌంటరు మీది తెరలోనూ అదే. ఆ హాలుకు మూడు గోడలే ఉంటాయి. నాలుగోది ఉండాల్సిన చోట పర్సు పట్టుకుని కొనేవాడు నిలబడి ఉంటాడు. అందులో స్విచ్ బోర్డు ఉండదు, గుమ్మం దగ్గర చెప్పులుండవు, దేవుడి పటం ఉండదు, మూలన బియ్యం మూట అసలే ఉండదు. కనుచూపు మేర తెల్లటి నేల, దాని మీద నదిలా పారే బూడిదరంగు చార, సోఫా కాళ్ళ కింద మెత్తగా కరిగిన నీడ, అంతే. "వేశాక అచ్చం ఇట్లే ఉంటుంది సార్" అని అమ్మేవాళ్ళు భరోసా ఇస్తారు. వాళ్ళది అబద్ధమనడం అన్యాయం. ఇట్లే ఉండే ఇల్లు ఉండొచ్చు. కాకపోతే ఆ ఇంటికి నాలుగో గోడా కిటికీలూ ఉండకూడదు, టైల్‌కు అంచు ఉండకూడదు. బొమ్మ చేసే మోసం రంగులో లేదు. డిజైన్ ఎంత పెద్దదో, రెండు టైల్స్ ఎక్కడ కలుస్తాయో, వెలుగు ఎటునుంచి పడుతుందో, ఈ మూడూ దాచడంలో ఉంది. దాచిన ఆ మూడింటి ఖర్చూ కొనేవాడి నెత్తినే పడుతుంది.

ముందు డిజైన్ సంగతి. ఇటలీ కొండల్లో పుట్టిన పాలరాయి చారను గుజరాత్‌లోని మోర్బీలో ఇంక్‌జెట్ యంత్రంతో మట్టిపలక మీద అచ్చువేసి, రాతికే పేరున్న కుప్పానికి తెచ్చి అమ్మడం ఒక ఘనకార్యమే. ఇక్కడి గ్రానైట్ ఓడలెక్కి పోతుంటే, ఓడ చూడని పాలరాయి బొమ్మ లారీలో వస్తుంది. దాని మీద ఫిర్యాదేమీ లేదు, ఎవరిష్టం వాళ్ళది. కానీ బొమ్మలో ఆ చార హాలు ఈ చివర మొదలై ఆ చివర దాకా తెగకుండా సాగుతుంది. డబ్బాలో వచ్చే టైల్ పొడవు నాలుగడుగులు. చార కూడా అక్కడే ఆగాలి. కంపెనీ ఒక డిజైన్‌కు నాలుగో ఆరో వేర్వేరు ముఖాలు అచ్చువేస్తుంది, హాలుకు పట్టేవేమో ఇరవై దాకా. అంటే ఒక్కో చార మూడు నుంచి అయిదు సార్లు కనిపిస్తుంది. మేస్త్రీ నాలుగు డబ్బాలు ఒకేసారి విప్పి, నేల మీద పరిచి, కలిపి ఏరుకోకపోతే ఒకే చార పక్కపక్కనే కవల పిల్లల్లా కూర్చుంటుంది. టీవీ గోడకు వేసే జంట డిజైన్ అయితే ఇంకా చిక్కు. ఎడమ పలకా కుడి పలకా అద్దంలో ప్రతిబింబంలా కలిస్తేనే దానికి అందం. ఆ కలిసే చోటే కరెంటు బాక్సు వస్తే, విప్పిన పువ్వు లాంటి ఆ డిజైన్ నడిబొడ్డున ఆరు స్విచ్చులు మొలుస్తాయి. బొమ్మ గీసినవాడికి ఆ బాధ లేదు. అతని ఇంట్లో కరెంటే లేదు.

ఇప్పుడు ఆ హాలును మన కొలతలోకి దించుదాం. పుంగనూరు ఆవు పొట్టిదిగా పుట్టి దేశమంతా పేరు తెచ్చుకుంది. పుంగనూరు హాలు చిన్నదని ఒప్పుకోవడానికి మాత్రం ఏ కేటలాగుకూ మనసు రాదు. మామూలు ఇంట్లో పదడుగుల వెడల్పు, పద్నాలుగడుగుల పొడవు హాలు తీసుకోండి. టైల్ పేరు 'రెండు నాలుగు', అంటే రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు. అయిదు రెళ్ళు పది కాబట్టి వెడల్పుకు సరిగ్గా అయిదు పడతాయని నోటి లెక్క. కానీ డబ్బా మీద ఉండేది 600, 1200 మిల్లీమీటర్లు. పదడుగులంటే 3048 మిల్లీమీటర్లు. అయిదు టైల్స్, వాటి మధ్య రెండేసి మిల్లీమీటర్ల సందు నాలుగు చోట్ల వదిలితే 3008 అవుతుంది. ఇంకా 40 మిల్లీమీటర్లు మిగిలింది. ఒక పక్క గోడ నుంచి మొదలుపెడితే ఎదుటి గోడ వెంట అంగుళంన్నర పీలిక పద్నాలుగడుగుల పొడవునా పరుచుకుంటుంది. ఆ నలభైని చెరో పక్కా ఇరవై చేసి స్కర్టింగ్ మందం కింద దాచేయొచ్చు, అయితే గోడలు రెండూ తాడు పట్టినట్టు తిన్నగా ఉండాలి. తిన్నగా లేకపోతే ఒక చివర మూసుకుని ఇంకో చివర నోరు తెరుస్తుంది. అదీ వద్దంటే నాలుగు నిండు టైల్స్ మధ్యలో పెట్టి, రెండు పక్కలా 319 మిల్లీమీటర్ల ముక్కలు కోయాలి. చూడ్డానికి ఇదే బాగుంటుంది. కానీ 600 వెడల్పు టైల్‌లోంచి 319 ముక్కలు రెండు రావు. పొడవు వైపు మూడు నిండు టైల్స్ పోగా 660 చిల్లర ముక్క కావాలి, నాలుగో టైల్‌లోంచి అది కోశాక మిగిలేది దేనికీ చాలదు. వెరసి అడ్డంగా ఆరు, నిలువుగా నాలుగు, మొత్తం ఇరవై నాలుగు టైల్స్. డబ్బాకు రెండు చొప్పున పన్నెండు డబ్బాలు. చదరపుటడుగుల లెక్క వేసి, పదిశాతం వేస్టేజి కలిపి షోరూములో రాసిచ్చేది పది డబ్బాలు. తక్కువపడిన రెండు డబ్బాల కోసం తిరిగి వెళ్తే ఆ బ్యాచ్ అయిపోయి ఉంటుంది. కొత్త బ్యాచ్ ఒక పిసరు పచ్చగా ఉంటుంది. అప్పుడు బొమ్మలో లేని రెండో రంగు కూడా హాలుకు ఉచితంగా దక్కుతుంది.

ఇక సందు సంగతి. బొమ్మలో అది కనిపించదు. అందుకే కొనేవాళ్ళు మేస్త్రీతో "అతుకు కనపడకూడదప్పా, ఆనించి ఎయ్యి" అంటారు. మేస్త్రీకి స్పేసర్లు పెట్టే పని తప్పుతుంది కాబట్టి అతనికీ సంతోషమే. అంచులు యంత్రం మీద కోసిన టైల్ అయినా ఒకదానికీ ఇంకోదానికీ వెంట్రుకవాసి తేడా ఉంటుంది. సందు ఉంటే ఆ తేడాలు అందులో సర్దుకుంటాయి. లేకపోతే పోగుపడి, అయిదో వరుసకు గీత పక్కకు జరుగుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు, నేల ఊరికే ఉండదు. కొత్త స్లాబు నెలల తరబడి కుంచించుకుంటుంది, దాని మీది టైల్ కుంచించుకోదు. పైగా ఇరవై డిగ్రీలు వేడెక్కితే పద్నాలుగడుగుల టైల్ వరుస అర మిల్లీమీటరు పైచిలుకు సాగుతుంది. అది ఎక్కడికి పోవాలి? రెండు మూడు మిల్లీమీటర్ల సందూ, గోడ చుట్టూ స్కర్టింగ్ కింద వదిలిన ఖాళీ ఉంటే అందులోకి పోతుంది. అవి లేకపోతే పైకి పోతుంది. ఒక రాత్రి పెళ్ళున శబ్దమై రెండు టైల్స్ గుడారం కట్టుకుని లేచి నిలబడతాయి. అవి లేవకముందే గుర్తుపట్టొచ్చు. నాణెంతో తడుతూ నడిస్తే గట్టిగా పట్టిన చోట ముద్దగా పలుకుతుంది, పట్టు వదిలిన చోట గుల్లగా మోగుతుంది. సందు ఉంటే మురికి పడుతుందని ఒక అభ్యంతరం ఉంది. అది నిజమే, తెల్ల సిమెంటుతో నింపితే ఆర్నెల్లలో నల్లబడుతుంది. దానికి మందు టైల్ రంగుకన్నా ఒక ఛాయ ముదురు ఫిల్లరో, ఖర్చు పెట్టగలిగితే ఎపాక్సీయో. సందును మాయం చేయడం మాత్రం మందు కాదు. ఆనించి వేసినా గీత ఉంటుంది, ఫిల్లరు దిగని సన్నగీత. మురికి మాత్రం అందులోకీ దిగుతుంది.

మూడోది మెరుపు. బొమ్మలో నేలంతా ఒకే రకం మెత్తటి వెలుగు. ఆ బొమ్మను నేలకు రెండు మూడడుగుల ఎత్తులోంచి చూస్తున్నట్టు తయారుచేస్తారు. అందులో కిటుకుంది. నిగనిగలాడే టైల్‌ను నిటారుగా కిందికి చూస్తే, పడిన వెలుగులో నూటికి నాలుగైదు పాళ్ళే అద్దంలో లాగా తిరిగొస్తుంది. నేలను రాసుకుంటూ ఏటవాలుగా చూసేకొద్దీ అది సగందాకా పెరుగుతుంది. కాబట్టి ఆ మెరుపు పూర్తిగా కావాలంటే హాల్లో పాకుతూ తిరగాలి. నిలబడి చూసేవాడికి కాళ్ళ దగ్గర టైల్ ఉత్త తెల్లగా ఉంటుంది, దూరాన వాకిలి వెలుగు కొట్టొచ్చినట్టు పొడుగ్గా పడుతుంది. ఆ వెలుగు మహా కఠినమైన ఇన్‌స్పెక్టరు. నాలుగడుగుల టైల్ నడుమ మిల్లీమీటరు ఉబ్బు ఉండటం ప్రమాణాల ప్రకారం తప్పు కాదు. ఇటుక కట్టినట్టు సగానికి సగం జరిపి వేస్తే ఒకదాని ఉబ్బు పక్కదాని చివర పక్కకు వస్తుంది. కాలికి తగలని ఆ మెట్టు వెలుగులో నల్లగీతై కనిపిస్తుంది, ట్యూబులైటు ప్రతిబింబం అక్కడ విరుగుతుంది. మూడో వంతు మాత్రమే జరిపి వేయమనేది అందుకే. బొమ్మలో టైల్స్‌కు ఉబ్బు లేదు, కాబట్టి ఎలా జరిపినా నిగ్గు చెదరదు. పైగా ఆ నేలను ఎవరూ బోరు నీళ్ళతో తుడవరు. ఉప్పు నీళ్ళు ఆరాక మిగిలే తెల్లటి పొర గరుకు టైల్ మీద కనపడదు, అద్దంలాంటి దాని మీద దాగదు.

"బొమ్మ బొమ్మే కదా, చివర్లో చిన్న అక్షరాల్లో ఊహాచిత్రం అని ఉంటుంది, తెలివిగలవాడు నమ్మడు" అని వ్యాపారులు అనొచ్చు. నమ్మకూడదనుకుంటే అంత పెద్ద ఫ్లెక్సీ ఎందుకు, అంత చిన్న అక్షరాలెందుకు? తప్పంతా మేస్త్రీదే అనేవాళ్ళూ ఉన్నారు. చెయ్యి తిరగని మేస్త్రీలు లేకపోలేదు. కానీ అతుకు లేని నేల చూపించి అమ్మింది ఒకరు, అలా వేయలేదని తిట్లు తినేది ఇంకొకరు. ఈ ఏర్పాటులో నష్టపోనిది షోరూము ఒక్కటే. అమ్మకానికి ఆశ చూపించాలి గానీ అడ్డంకులు చూపిస్తారా అనేది మూడో మాట. మదనపల్లె టమాటా మార్కెట్లో పైవరుస కాయలు చూపించి క్రేటంతా అలాగే ఉందంటే ఏ వ్యాపారీ ధర కట్టడు. అదే ఊళ్ళో అంతకు ఎన్నో రెట్లు ఖరీదైన నేలను పైవరుస మాత్రమే చూసి కొంటున్నాం.

బొమ్మలు మానేయమని ఎవరూ అడగడం లేదు. మూడు గోడల హాలు పక్కన పది పద్నాలుగు హాలు ఒకటి, కోసిన ముక్కలతో, మూడు మిల్లీమీటర్ల సందుతో, ఒకే కిటికీ వెలుగుతో గీసి పెట్టమని అడగొచ్చు. అది పెట్టేదాకా కొనేవాళ్ళు చేయగలిగిన పని ఒకటుంది. కొలతల కాగితం తీసుకెళ్ళి, డబ్బాల సంఖ్యను చదరపుటడుగులతో కాకుండా ఒక్కో వరుసా గీసి రాయమనాలి. రెండు డబ్బాలు విప్పించి నాలుగు టైల్స్ నేల మీద సందు వదిలి పరిపించి, లైట్లు ఆపి, ఫోన్ టార్చిని నేలకు ఆనించి వెయ్యాలి. ఉబ్బు, తేడా, తిరిగొచ్చిన చార, అన్నీ అయిదు నిమిషాల్లో బయటపడతాయి. ఆ పరీక్షకు ఒప్పుకున్న షోరూములో టైల్ కొనండి. ఒప్పుకోనిదాంట్లో ఫ్లెక్సీ కొనుక్కోండి. హాల్లో పరుచుకోవచ్చు, అతుకూ ఉండదు.