45 పైసల నిబ్బరం

ఈ దేశంలో 45 పైసలు చేతికిచ్చి కొనగలిగే వస్తువేదీ లేదు. పావలాను, దానికన్నా చిన్న నాణేలను 2011 జూన్ 30తో ప్రభుత్వమే సాగనంపింది. మిగిలింది అర్ధరూపాయి ఒక్కటే. కాబట్టి 45 పైసలను నాణేల్లో లెక్కపెట్టి ఇవ్వడం ఎవరి తరమూ కాదు. అలాంటి సొమ్ముకు రైలు టికెట్టు మీద పది లక్షల బీమా వస్తోందంటే కాదనడం మర్యాద కాదు గనక, హెబ్బగోడిలో ఉన్న తెలుగువాళ్ళమంతా నమ్మేశాం.

హొసూరు రోడ్డు పక్కనున్న మా ఊళ్ళో సగం మంది ఎలక్ట్రానిక్ సిటీకి, మిగతా సగం బొమ్మసంద్ర ఫ్యాక్టరీలకు పోతారు. సంక్రాంతికి మాత్రం అందరూ ఒకే దిక్కుకు చూస్తారు. పండక్కి అరవై రోజుల ముందు, పొద్దున్న ఎనిమిదయ్యేసరికి టికెట్ల కోసం పీజీల్లో వేళ్ళన్నీ ఫోన్ల మీదే. ఆ హడావిడిలో కూడా ఒకడు పక్కవాణ్ణి అడుగుతాడు: "ఇన్సూరెన్సు టిక్కు పెట్టావురా?" "పెట్టానన్నా." అంతే, ఇద్దరికీ నిశ్చింత. ప్రయాణం ముందు కొబ్బరికాయ కొట్టినట్టే ఇదీ. దేవుడి దగ్గర షరతులు ఎవరు చదువుతారు? అదే టికెట్టు మీద స్లీపరుకి యూపీఐ సౌకర్య రుసుము పన్నుతో కలిపి 11 రూపాయల 80 పైసలు పోతుంది. దాని గురించి ఎవరూ చర్చించరు. చర్చంతా 45 పైసల మీదే.

ఈ పైసల చరిత్ర కూడా తమాషాగా ఉంటుంది. 2016 సెప్టెంబరు 1న పథకం మొదలైనప్పుడు ప్రీమియం 92 పైసలు. నోట్ల రద్దు తర్వాత, ఆన్‌లైనులో కొన్నవాళ్ళను మెచ్చుకోవడానికి ఆ ఏడాది డిసెంబరు నుంచి ఉచితం చేశారు. 2018 ఆగస్టు ఆఖరుతో ఆ మెచ్చుకోలు అయిపోయింది. మళ్ళీ డబ్బులడగడం మొదలుపెట్టి, రేటు తగ్గిస్తూ పెంచుతూ ఇప్పటి 45 దగ్గరికి చేర్చారు. ఉల్లిపాయల ధర కూడా ఇంత నిలకడగా ఉండదని మా వీధి పీజీ ఆంటీ అభిప్రాయం. ఆవిడ వెటకారం చేస్తోందో, నిజంగానే అంటోందో తెలీదు.

ఆ టిక్కు దేనికి వర్తిస్తుందని మా పీజీలో అడిగితే తలా ఒక మాట చెప్తారు. బండి ఆరు గంటలు లేటైతే డబ్బులిస్తారని ఒకడు. బ్యాగు పోతే ఇస్తారని ఇంకొకడు. టికెట్టు వెయిటింగులోనే ఉండిపోతే "అందుకేగా ఇన్సూరెన్సు" అని మూడోవాడు. ముగ్గురికీ సున్నా. బ్యాగుకు లేదు, ఆలస్యానికి లేదు, దారిలో గుండెపోటు వస్తే దానికీ లేదు. వెయిటింగు లిస్టువాళ్ళకు పాలసీయే ఉండదు. బెర్తు ఖాయమైనవాళ్ళకు, ఆర్ఏసీ వాళ్ళకు మాత్రమే ఉంటుంది. అదీ ఐఆర్‌సీటీసీ సైటులోనో యాపులోనో కొన్న ఈ-టికెట్టుకే. స్టేషను కౌంటరు దగ్గర రెండు గంటలు నిలబడి కొన్నవాడికి ఆ గడి కనిపించదు. అంత ఓపిక ఉన్నవాడికి బీమా అక్కర్లేదనుకున్నారు కాబోలు.

మరి దేనికి వర్తిస్తుంది? 1989 నాటి రైల్వే చట్టం రెండు రకాల ఘటనలను గుర్తిస్తుంది. మొదటిది రైలు ప్రమాదం: బండ్లు ఢీకొనడం, పట్టాలు తప్పడం లాంటివి. రెండోది, చట్టం మాటల్లో, అవాంఛనీయ ఘటన: ఉగ్రవాద దాడి, దోపిడి, అల్లర్లు, కాల్పులు, నిప్పుపెట్టడం, ప్రయాణికుల రైల్లోంచి పొరపాటున పడిపోవడం. పాలసీ ఈ నిర్వచనాలనే అరువు తెచ్చుకుంది. ఆత్మహత్యాయత్నం, తాగి పడటం, తన నేరం వల్ల తగిలిన దెబ్బ, మామూలు జబ్బు లెక్కలోకి రావు. బండి బయల్దేరినప్పటి నుంచి చేరేదాకా, ఎక్కడం దిగడంతో సహా రక్షణ ఉంటుంది. ప్లాట్‌ఫారం మీద అరటితొక్క తొక్కి పడితే అది మీ వ్యక్తిగత వ్యవహారం.

ఇక డబ్బు. చనిపోతే పది లక్షలు. శాశ్వతంగా, పూర్తిగా అంగవైకల్యం వస్తే పది లక్షలు. శాశ్వతమే అయినా పాక్షికమైతే ఏడున్నర లక్షల వరకు. గాయాలకు ఆసుపత్రి ఖర్చు రెండు లక్షల వరకు. పార్థివదేహాన్ని తరలించడానికి పదివేలు. వాట్సాపులో తిరిగే పోస్టరు మొదటి ముక్క దగ్గరే ఆగిపోతుంది.

ఊరికే ఒక ఉదాహరణ కట్టుకుందాం. మా పీజీలో నలుగురు శ్రీకాకుళం కుర్రాళ్ళు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో పండక్కి బయల్దేరారనుకోండి. నలుగురికీ టికెట్టు తీసింది ఒక్కడే. ఐడీ వాడిదే, ఫోను నంబరూ మెయిలూ వాడివే. ఒక పీఎన్ఆర్ మీద టిక్కు పెడితే అందులోని వాళ్ళందరికీ పెట్టినట్టే, కాబట్టి నలుగురికీ కలిపి రూపాయి ఎనభై పైసలు. బీమా కంపెనీ నుంచి ఎస్సెమ్మెస్సు వాడికే వస్తుంది. అందులో పాలసీ వివరాలు, నామినీ పేరు రాయమంటూ ఒక లింకు. మావాడి ఫోనుకు రోజూ వచ్చే లోను ఆఫర్ల మధ్య అది మూడు నిమిషాల్లో అడుక్కిపోతుంది. మిగతా ముగ్గురికి తమ పేరిట ఒక పాలసీ పుట్టిందనే తెలీదు. వాళ్ళ అమ్మానాన్నలకు అసలే తెలీదు. పది లక్షల పత్రం ఉన్న చోటు తెలిసిన ఏకైక మనిషి అదే బండిలో, అదే పెట్టెలో పడుకుని ఉన్నాడు. పథకం కట్టినవాళ్ళకు ఇందులో వింతేమీ కనిపించలేదు.

నామినీని రాయకపోతే పాలసీ చెల్లదని కాదు. డబ్బు చట్టబద్ధ వారసులకు వెళ్తుంది. అంటే కొడుకు పోయిన ఇంట్లో తండ్రి తాసిల్దారు ఆఫీసు మెట్లెక్కి, ఆ కొడుక్కి తానే తండ్రినని కాగితం తెచ్చుకోవాలి. ఆ లింకు నొక్కి రెండు పేర్లు రాయడానికి పట్టేది రెండు నిమిషాలు. అంత తీరిక మా కుర్రాళ్ళకు లేదు; రీలు సగంలో ఉంది. ఎస్సెమ్మెస్సు పోతే పోయింది, సైటులో పాత టికెట్ల జాబితా తెరిస్తే పాలసీ నంబరు కనిపిస్తుంది. కాకపోతే ఆ జాబితా తెరిచే పాస్‌వర్డు కూడా ఆ ఒక్కడి తలలోనే ఉంది.

సరే, చావు మాట వద్దు, పండగ పూట. ఆమదాలవలసలో, అదే శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో, దిగబోతూ ఒకడు కాలు జారి పట్టాల పక్కన పడ్డాడనుకోండి. ఎముక విరిగింది, రాడ్డు వేశారు, ప్రైవేటు ఆసుపత్రి బిల్లు మూడు లక్షలు. పాలసీ నుంచి వచ్చేది గరిష్ఠంగా రెండు లక్షలు. ఎముక అతుక్కుంటుంది గనక అది శాశ్వత వైకల్యం కాదు. ఏడున్నర లక్షల మాట లేదు. మూడు నెలలు బొమ్మసంద్ర ఫ్యాక్టరీకి పోలేదు, ఆ జీతం మాట అసలే లేదు. "పది లక్షలన్నారుగా?" అని వాడు అడిగితే, ఆ బేరానికి ముందు తను చేయాల్సిన త్యాగం ఏమిటో ఎవరో ఒకరు వాడికి మెల్లగా చెప్పాలి.

ఆ రెండు లక్షలైనా రావాలంటే ఎక్కడికెళ్ళాలి? స్టేషను మాస్టరు దగ్గరికి కాదు, ఐఆర్‌సీటీసీ దగ్గరికీ కాదు. టిక్కు పెట్టించుకున్నది వాళ్ళే అయినా, క్లెయిము మీకూ బీమా కంపెనీకీ మధ్య వ్యవహారమని షరతుల్లో ముందే రాసిపెట్టారు. ఆ కంపెనీ ఏదో ఆ పోయిన ఎస్సెమ్మెస్సులో ఉంది. ఘటన జరిగిన నాలుగు నెలల్లోపు రాతపూర్వకంగా తెలియజేయాలి. క్లెయిము ఫారం, ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ, అసలు బిల్లులు, బ్యాంకు వివరాలు ఇవ్వాలి. వీటన్నిటికన్నా ముఖ్యమైనది, ఘటన జరిగిందని ఒప్పుకుంటూ రైల్వే ఇచ్చే నివేదిక. అందుకే పడ్డ రోజే రైల్వే పోలీసుల దగ్గర నమోదు కావాలి. స్నేహితులు ఆటోలో నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళిపోతే, వాడు రైల్లోంచి పడ్డాడో బైకు మీంచి పడ్డాడో కాగితం చెప్పదు. కాగితాలన్నీ అందాక పదిహేను రోజుల్లో తేల్చాలని నియమం. అన్నీ ఎప్పుడు అందినట్టు అన్నది కంపెనీ నిర్ణయిస్తుంది.

ఎవరూ పోస్టరు వేయని సంగతి ఒకటుంది. టిక్కు పెట్టినా పెట్టకపోయినా ఇవే ఘటనలకు రైల్వే సొంతంగా పరిహారం ఇవ్వాలి. మరణానికి 2017 జనవరి 1 నుంచి ఎనిమిది లక్షలు, గాయాలకు పట్టిక ప్రకారం. దానికి వెళ్ళాల్సింది రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కి. బెంగళూరులో ఒక బెంచి ఉంది, సికింద్రాబాదులో ఒకటి. ఏడాది లోపు దరఖాస్తు పెట్టాలి. దిగేటప్పుడు అజాగ్రత్తగా ఉన్నాడు గనక తప్పు వాడిదేనని రైల్వే వాదిస్తే, ఎక్కుతూ దిగుతూ పడటం కూడా అవాంఛనీయ ఘటనేనని, అజాగ్రత్త వేరు తనకు తాను గాయం చేసుకోవడం వేరని 2018లో రీనాదేవి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఒంటి మీద టికెట్టు దొరకనంత మాత్రాన ప్రయాణికుడు కాదనలేరని కూడా అదే తీర్పు చెప్పింది. బీమా డబ్బు ఈ ఎనిమిది లక్షలకు అదనం, బదులు కాదు. మా పీజీలో 45 పైసల గురించి తెలియనివాడు లేడు. ఈ ఎనిమిది లక్షల గురించి తెలిసినవాడు ఇప్పటిదాకా ఎదురుపడలేదు. ఊరికే ఇచ్చేదానికి ప్రకటన ఎందుకు?

ఇంతకీ రైల్లోంచి ఎక్కువగా పడేది ఎవరు? ఏసీ పెట్టెలో దుప్పటి కప్పుకున్నవాడు కాదు. మెట్ల మీద వేలాడే జనరల్ పెట్టెవాడు. వాడికి ఈ బీమా అమ్మరు. 2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లాలో, కంటకాపల్లి-అలమండ మధ్య, ముందు వెళ్తున్న విశాఖ-పలాస ప్యాసింజరును వెనకనుంచి విశాఖ-రాయగడ ప్యాసింజరు ఢీకొట్టింది. 14 మంది పోయారు. రెండూ రిజర్వేషను లేని బండ్లు. టిక్కు పెడదామని ఎంత భక్తి ఉన్నా, ఆ బండ్లెక్కిన ఒక్కరికీ పెట్టే వీలు లేదు. ఇప్పుడు జనరల్ టికెట్టు కూడా ఫోన్లోనే తీసుకోవచ్చు. ఎక్కడికి, ఎంతమంది అని అడుగుతుంది, డబ్బులు తీసుకుంటుంది. ఇన్సూరెన్సు కావాలా అని అడగదు. 45 పైసలు మిగిలినట్టే.