లిఫ్టులో తల ఊపినాయనకు శతమానం భవతి

మా ఆఫీసు నాంపల్లిలో. స్టేషన్లో దిగి నడిచి వచ్చేయొచ్చు. ఆరంతస్తులకి రెండు లిఫ్టులు, ఒకటి ఎప్పుడూ రిపేరు. అందుచేత మా పరిచయాలన్నీ ఆ రెండో లిఫ్టులోనే పుడతాయి, అంతస్తు రాగానే దిగిపోతాయి. ఇలా తల ఊపుకునే బాపతు సహోద్యోగికి పుట్టినరోజొస్తే వాట్సాప్ గ్రూపులో ఏ ధోరణిలో రాయాలో తెలీక చాలామంది జంకుతారు. జంకక్కర్లేదు. 2025 జూలై 1న మూడో అంతస్తు అకౌంట్స్ సూపరింటెండెంటు గారికి నేను రాసిన సందేశమే నమూనాగా పెట్టుకోండి.

ముందు మంచి గ్రంథం ఒకటి సంపాదించాలి. ఆ ముందు ఆదివారం ఆబిడ్స్‌లో షాపులు మూసి ఉంటే, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల్లో నాకు నలభై రూపాయలకి దొరికింది. లేఖలు రాయడం ఎలాగో నేర్పే పుస్తకం. అట్ట లేదు. లీవు లెటర్లు, పెళ్ళి శుభాకాంక్షలు, సంతాప సందేశాలు అన్నీ ఉన్నాయి. కుట్టు ఊడి పేజీలు కాస్త అటూ ఇటూ అయ్యాయంతే.

ఇక పిలుపు. ఆయన్ని ఆఫీసంతా ‘సార్’ అంటుంది. సార్ అంటే మధ్యలో టేబుల్ ఉన్నట్టుంటుంది. ‘గారు’ అంటే టేబుల్‌తో పాటు ఫైలు కూడా ఉన్నట్టుంటుంది. పోనీ ‘అన్నా’ అందామంటే మన హైదరాబాదులో ఆటో అతన్నీ అన్నా అంటాం, చాయ్ పోసే అతన్నీ అన్నా అంటాం, బస్సులో కాలు తొక్కినవాణ్ణి కూడా ‘జర చూస్కో అన్నా’ అంటాం. అది వీధిలో పిలుపు. ‘అన్నయ్యా’ అన్నది ఇంట్లో పిలుపు. పేరు తెలియని మనిషిని ఇంట్లోకి లాక్కోవాలంటే అదే సరైనది. (ఆయన పేరు నాకు గ్రూపులో చూశాకే తెలిసింది.)

తర్వాత విశేషణం. ‘హార్దిక శుభాకాంక్షలు’ అని ఫ్లెక్సీల మీద చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి. నా పుస్తకంలో ‘ప్రగాఢ’ అన్న మాట కనబడింది. ఎంత బరువుంది! అది ఉన్న పేజీలో పైన ‘సానుభూతి’ అని ఏదో ఉంది కానీ, మంచి మాట ఎక్కడున్నా మంచిదే కదా.

‘పుట్టినరోజు’ అనడం చిన్నపిల్లల మాట. పెద్దమనిషికి ‘జయంతి’ అనాలి. గాంధీగారికీ అంబేడ్కర్ గారికీ అంటున్నాం, వాళ్ళకి లేని అభ్యంతరం ఈయనకెందుకుంటుంది? ఈ విషయంలో మా సెక్షన్‌లో బీదరు నుంచి వచ్చినాయన ఇంకో మెట్టు ఎక్కాడు. వాళ్ళ కన్నడంలో స్వామీజీల పుట్టినరోజుని ‘వర్ధంతి’ అంటారట. సంస్కృతంలో ఆ మాటకి మూలం పెరగడమేనట. 1956 దాకా బీదరూ మనమూ ఒకే హైదరాబాదు రాష్ట్రం కాబట్టి వాడుకోవచ్చు అనుకుని నేను కూడా టైపు చేశాను. పక్క సీటు మేడమ్ చూసి నా చేతిలో ఫోను లాక్కున్నారు. తెలుగులో వర్ధంతికి వేరే అర్థం స్థిరపడిపోయిందట. సరేనని జయంతితోనే సరిపెట్టాను.

ఆశీర్వాదం మరవకూడదు. ‘శతమానం భవతి’ పెద్దలు చిన్నవాళ్ళకి అక్షింతలు వేస్తూ అనేదని కొందరి వాదన. నాకు ముప్పై ఎనిమిది, ఆయనకి అరవై దాటింది. కాళ్ళకి దండం పెట్టాల్సినవాడు తల మీద చెయ్యి పెడితే ఎలా అని పక్క సీటు మేడమ్ మళ్ళీ అడ్డొచ్చారు. దీవెనకి సీనియారిటీ లిస్టు ఏమిటండీ?

చివరగా, ఎంతో తెలిసినట్టు కనబడాలి. ఆయన గురించి నాకు తెలిసినవి రెండు: మూడో అంతస్తుకైనా మెట్లెక్కరు, రిజిస్టరు ప్రకారం జూలై 1న పుట్టారు. మొదటి దాన్నిబట్టి మోకాళ్ళ నొప్పి ఖాయం. రెండూ కలిపి, రాత్రి పన్నెండు గంటలకి, నూట ఎనభై మంది ఉన్న గ్రూపులో ఇలా పెట్టాను:

‘అన్నయ్యా! తమ జయంతి సందర్భంగా ప్రగాఢ శుభాకాంక్షలు. శతమానం భవతి. మన పరిచయం లిఫ్టులో మూడంతస్తులదే అయినా బంధం జన్మజన్మలది. మోకాళ్ళ నొప్పి తగ్గి, ఈ ఏడాదే ప్రమోషన్ వచ్చి, మీరు మా అయిదో అంతస్తుకి రావాలని కోరుకునే మీ తమ్ముడు.’

కింద గులాబీలు పన్నెండు, కేకు ఒకటి, వెలిగే దీపం ఒకటి.

పొద్దున్న ఆఫీసుకొచ్చేసరికి ఎవరూ నా మొహం చూడట్లేదు. మూడో అంతస్తుకి వెళ్తే ఆయన కుర్చీ ఖాళీ. వెనక బీరువా మీద వాడిన బంతిపూల దండ. అప్పుడు అటెండరు చెప్పాడు: సార్ నిన్ననే రిటైరయ్యారు.

నాకేం తెలుసు? తెలంగాణలో 2021 నుంచి రిటైర్మెంటు వయసు 61 అని తెలుసు. నెలలో ఏ రోజు పుట్టినా ఆ నెలాఖరుదాకా ఉంటారనీ తెలుసు. కానీ ఒకటో తారీఖున పుట్టినవాళ్ళు మాత్రం అంతకు ముందు నెల ఆఖరి రోజునే దిగిపోవాలి. ఆయన రిజిస్టరులో 1964 జూలై 1. అంటే జూన్ 30 సాయంత్రం ఆయన శాలువా కప్పించుకుని ఇంటికెళ్ళారు. నేను ఆరుగంటల తర్వాత ప్రమోషన్ కోరాను. వీడ్కోలు సభ నోటీసు అదే గ్రూపులో వచ్చిందట, నేను సందేశం దిద్దుకునే హడావుడిలో చూడలేదు.

ఇంకో సంగతి. అసలు ఆయన జూలైలో పుట్టనే లేదట. ఆ రోజుల్లో బడిలో వేసేటప్పుడు పిల్లాడికి అయిదేళ్ళు నిండినట్టు లెక్క కుదరాలని పంతులు జూన్‌దో జూలైదో ఏదో ఒక తేదీ రాసేసేవాడు. మా ఆఫీసులో జూన్, జూలైల్లో అంత మంది పుట్టడం వెనక రహస్యం అదే. వాళ్ళమ్మ చెప్పిన ప్రకారం ఆయన పుట్టింది బతుకమ్మ రోజుల్లో. అంటే జూలై ఒకటి ఆయనకి పుట్టినరోజు కాదు, ఉద్యోగానికి గడువు మాత్రమే.

ఇదంతా ఆయన చెప్పింది నాతో కాదు. డిస్పాచ్ సెక్షన్‌లో చేరి ఆర్నెల్లు కాని ఒక అమ్మాయితో. ఆమె పొద్దున్న పది గంటలకి, గ్రూపులో కాదు, విడిగా ఆయనకే పంపిందట: ‘పుట్టినరోజు శుభాకాంక్షలు సార్. నిన్న మీ సభలో మాట్లాడే వీలు దొరకలేదు. ఆరోగ్యంగా ఉండండి.’ అంతే. ఒక పువ్వయినా లేదు, చుట్టరికం లేదు, సంస్కృతం లేదు. దానికాయన ఫోన్ చేసి పది నిమిషాలు మాట్లాడి, బతుకమ్మ పండక్కి ఇంటికి రమ్మన్నారట. కొందరికి అదృష్టం అలా కలిసొస్తుంది.

నాకూ జవాబు వచ్చింది, రాలేదని ఎందుకంటాను. మధ్యాహ్నం పన్నెండింటికి ఒక దండం బొమ్మ. ఆ వెంటనే ఆయన గ్రూపు నుంచి వైదొలిగారట.

మీ సెక్షన్‌లో ఎవరి పుట్టినరోజైనా దగ్గరపడితే మొహమాటపడకండి. మధ్యాహ్నం లంచ్ టైములో ఆ పనిచేసే లిఫ్టు దగ్గరే ఉంటాను, అక్కడికక్కడ రాసిస్తాను.