ఒకటో తారీఖు మహారాజు

ఒకటో తారీఖున ఇతన్ని గుర్తుపట్టడం బహు తేలిక. కేపీహెచ్‌బీ కాలనీలో హాస్టల్ దిగి వచ్చి టీ బండి దగ్గర నిలబడి, పక్కనున్న నలుగురికీ "నేను కొడతాను అన్నా" అంటూ ఫోను తీసి స్కాన్ చేస్తాడు. ఇరవయ్యో తారీఖు దాటాక అదే బండి దగ్గర అదే ఫోనుకి ఛార్జింగ్ ఉండదు. నెలాఖర్న టీ తాగితే అసిడిటీ వస్తుందని డాక్టరు చెప్పాడంటాడు. ఏ డాక్టరో అడక్కూడదు.

మనవాడిది తాడేపల్లిగూడెం. ఇంజనీరింగ్ అయింది, హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది, ఏడాదికి 4.2 లక్షలు. ఈ వార్త వీధి చివరకి చేరేసరికి ఐదు లక్షలైంది, పెళ్ళిసంబంధాల పేరయ్య చెవిన పడేసరికి ఆరు. మనవాడు మాత్రం నిజాయితీగా 4.2ని పన్నెండుతో భాగించి, నెలకి 35,000 అని తేల్చి, దాన్ని మనసులోనే ఖర్చుపెట్టేశాడు. తీరా ఖాతాలో పడింది 28,000.

బ్యాంకు తప్పుచేసిందనుకున్నాడు. బాబాయికి ఫోన్ చేశాడు. బాబాయి సహకార బ్యాంకులో గుమస్తాగా రిటైరైన మనిషి. ఇంట్లో ఎవరికి డబ్బు కష్టం వచ్చినా ముందు కళ్ళజోడు తుడుచుకుంటాడు.

"పేస్లిప్ పంపించరా."

"అదెక్కడుంటుంది బాబాయ్?"

దొరికింది. ఆ 35,000లో 2,500 వేరియబుల్ పే, అంటే ఏడాది చివర్లో కంపెనీ సంతోషంగా ఉంటే ఇచ్చేది. 1,800 కంపెనీ వాటా పీఎఫ్, 700 దాకా గ్రాట్యుటీ. ఇవన్నీ సీటీసీలో లెక్కకొస్తాయి గానీ చేతికి రావు. మిగిలిన 30,000లోంచి మనవాడి వాటా పీఎఫ్ మరో 1,800, తెలంగాణ ప్రభుత్వానికి వృత్తిపన్ను 200. "నీ జీతం ఇరవై ఎనిమిదే. ముప్ఫై అయిదన్నమాట ఇక నోట రానీకు," అన్నాడు బాబాయి.

ఇక్కడే ఇంటర్నెట్ మనవాడికి జ్ఞానోపదేశం చేసింది. యాభై, ముప్ఫై, ఇరవై సూత్రం. సగం అవసరాలకి, ముప్ఫై శాతం కోరికలకి, ఇరవై శాతం పొదుపుకి. అమెరికాలో ఎలిజబెత్ వారెన్ అనే లా ప్రొఫెసరు కూతురితో కలిసి 2005లో రాసిన పుస్తకంతో ఇది ఊరూరా పాకింది. ఆవిడ తర్వాత సెనేటరు కూడా అయింది. మనవాడు వెంటనే ఫోనులో మూడు గళ్ళు గీశాడు: 14,000, 8,400, 5,600. గళ్ళు గీయడంలో మనవాడికి మంచి ప్రతిభ ఉంది. వాటిలో ఏది ఎక్కడ పడాలన్న దగ్గరే అసలు ప్రతిభ బయటపడింది.

అవసరాల గడిలోకి మొదట ఎక్కింది అరవై వేల ఫోను. నెలకి 2,500 చొప్పున ఇరవై నాలుగు నెలలు, నో కాస్ట్ ఈఎంఐ.

"ఫోను అవసరం కాదా బాబాయ్? ఓటీపీ ఎలా వస్తుంది?"

తర్వాత జిమ్ ఎక్కింది, ఆరోగ్యం గనక. మూడు ఓటీటీలు ఎక్కాయి, ఇంగ్లీషు మెరుగుపడుతుందట. వారాంతం బిర్యానీ ఎక్కింది, టీమ్‌తో తినకపోతే ఆఫీసులో ఒంటరైపోతాడట. చివరికి కోరికల గడిలో ఒక్క దువ్వెన మిగిలింది. అంత నిగ్రహం గల యువకుణ్ణి వారెన్‌గారు కూడా చూసి ఉండరు.

బాబాయి దీనికి వాదించలేదు. ఒక్క ప్రశ్న వేశాడు: ఆ పని జరగడానికి చాలినంత మామూలు వస్తువు ఎంతకొస్తుంది? ఓటీపీ, ఆఫీసు మెయిలు, వీడియో కాలు అన్నీ పన్నెండు వేల ఫోనులో వస్తాయి. కాబట్టి పన్నెండు వేలు అవసరం, నలభై ఎనిమిది వేలు కోరిక. ఒకే వస్తువు రెండు గళ్ళలోనూ కూర్చోవచ్చు. బిర్యానీ కూడా అంతే. హాస్టల్లో భోజనానికి డబ్బు ముందే కట్టాడు కాబట్టి బిర్యానీ పూర్తిగా కోరికే. కోరికని కోరిక అని రాసుకుంటే ఎవరూ ఉరి తియ్యరు, దానికీ ఒక గడి ఉందిగా.

ఆ నో కాస్ట్ సంగతి కూడా బాబాయి విప్పి చూపించాడు. వడ్డీ ఉంటుంది, దాన్ని డిస్కౌంటు పేరుతో సర్దుతారు. బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు మాత్రం మామూలే, క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే ఆ వడ్డీ మీద జీఎస్‌టీ కూడా మామూలే. మొత్తం పెద్దది కాదు గానీ, పేరులో చెప్పినంత సున్నా కాదు.

అరవై వేల ఫోను ఆలోచన పక్కకి పోయాక అసలు లెక్క మొదలైంది. హాస్టల్, భోజనంతో సహా 8,500. రాకపోకలకి 1,500. ఫోను రీఛార్జికి 350. సబ్బులు, మందులు, క్షవరం వగైరా 1,150. మొత్తం 11,500, సగానికి ఎంతో లోపలే ఉంది. మనవాడు చిందులు తొక్కబోయాడు. అప్పుడు బాబాయి మెల్లిగా, "అమ్మకి పంపేది ఏ గడిలో రాశావురా?" అన్నాడు.

నెలకి 5,000. అది ఏ గడిలోనూ లేదు. మిగిలితే పంపే ఖాతాలో ఉంది, అంటే పంపని ఖాతాలో ఉందని అర్థం. అమెరికా పుస్తకంలో అమ్మకి విడిగా గడి లేదు; మన కుర్రాళ్ళలో చాలామందికి అది అద్దెతో సమానం. కోరికల్లో వేద్దామంటే అమ్మ వినకూడదు. పొదుపులో వేద్దామంటే తిరిగిరాదు. కాబట్టి అవసరమే. ఇప్పుడు అవసరాలు 16,500, జీతంలో యాభై తొమ్మిది శాతం. సూత్రం విరిగింది.

విరిగితే విరగనీ అంటాను నేను. ఆ యాభై అనేది శాసనం కాదు. చిన్న జీతంలో అవసరాలు అరవైకి పోతాయి, తిండీ అద్దే జీతాన్ని చూసి తగ్గవు కదా. అప్పుడు కోసుకోవలసింది ముప్ఫైలోంచి గానీ ఇరవైలోంచి కాదు. మనవాళ్ళు సరిగ్గా తిరగేసి కోస్తారు. బాబాయి 5,600ని కదలనివ్వలేదు. పేస్లిప్‌లో పీఎఫ్ పోతోంది కదా, అదీ పొదుపే కదా అని మనవాడు లా పాయింటు తీశాడు. పొదుపే, కానీ రేపు ఉద్యోగం పోతే ఎల్లుండి హాస్టల్ ఓనరుకి పీఎఫ్ పాస్‌బుక్ చూపిస్తే మంచం ఉంచడు.

అందుకే మొదటి పొదుపు లక్ష్యం షేర్లూ కాదు, బంగారమూ కాదు. మూడు నెలల అవసరాలు, అంటే 16,500 మూడుసార్లు, 49,500. నెలకి 5,600 చొప్పున తొమ్మిది నెలల్లో చేరుతుంది. దానికి బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ తెరిపించాడు. జీతం నెలాఖరు రోజున పడుతుంది, ఆర్డీకి మూడో తారీఖున కట్ అవుతుంది. అయిదో తారీఖు పెడతానన్నాడు మనవాడు. ఆ రెండు రోజుల్లో ఏం జరుగుతుందో బాబాయికి తెలుసు. అత్యవసరమైతే ఆర్డీని మధ్యలో విరగ్గొట్టుకోవచ్చు, కాస్త వడ్డీ పోతుందంతే. కానీ విరగ్గొట్టాలంటే నాలుగు బటన్లు నొక్కాలి. మనవాడి కోరికలు చాలావరకు రెండో బటన్ దగ్గరే చల్లారిపోతాయి.

ఇక మిగిలింది 5,900. దీనిలోంచి 1,500 పక్కన పెట్టమన్నాడు. నెలనెలా రాని ఖర్చులు, కానీ తప్పకుండా వచ్చే ఖర్చులు: స్నేహితుడి పెళ్ళిలో 1,116 చదివింపులు, చెప్పులు తెగడం, సంక్రాంతికి ఊరు. ఇవి వచ్చిన ప్రతిసారీ మనవాడు "అనుకోని ఖర్చు బాబాయ్" అంటాడు. సంక్రాంతి ఏటా జనవరిలోనే వస్తోంది. ఇంకా అనుకోకపోతే ఎలా?

పోగా 4,400. ఇదే మనవాడి స్వరాజ్యం. బిర్యానీ తింటాడో, ఓటీటీ చూస్తాడో అడిగేవాడు లేడు. ఒకటే షరతు. జీతం పడే ఖాతాకి యూపీఐ ఉండకూడదు. ఇంకో ఖాతాకి మాత్రమే ఉండాలి, దాంట్లోకి ప్రతి సోమవారం 1,100 పంపుకోవాలి. నాలుగు వారాలకి 4,400. లెక్క అద్భుతంగా కుదిరింది, ఐదు సోమవారాలున్న నెల వచ్చేదాకా. ఆ చివరి వారం మనవాడు హాస్టల్ సాంబారుతో చేసిన రాజీలు చెప్పుకోదగ్గవి కావు. బాబాయి లెక్క సవరించాడు: వారానికి 1,000. ఏడాదికి 52 వారాలు, 52,000. నెలకి 4,400 లెక్కన 52,800. ఎనిమిది వందలు మిగులు. ఆ ఎనిమిది వందలూ ఎప్పుడొస్తాయని మనవాడు వారానికోసారి అడిగేవాడు.

మధ్యలో ఒక ప్రమాదం జరిగింది, అది క్రెడిట్ కార్డు. ఎవరో ఫోన్ చేసి జీవితాంతం ఉచితం అన్నారు, ఇచ్చారు. నెల తిరిగేసరికి బిల్లు 12,000. కింద చిన్న అక్షరాల్లో కనీస చెల్లింపు 600. మనవాడు 600 కట్టి, పన్నెండు వేలు ఆరొందలతో తీరిపోయాయన్నంత హాయిగా నిద్రపోయాడు. నెలకి 3.5 శాతం వడ్డీ చొప్పున మిగతా 11,400 మీద తక్కువలో తక్కువ 400, దాని మీద జీఎస్‌టీ 72. అంటే వచ్చేనెల మళ్ళీ 600 కడితే అసలులో తీరేది నూట పాతిక పైచిలుకు. పైగా బాకీ ఉన్నన్నాళ్ళూ కొత్తగా గీకిన ప్రతిదానికీ మొదటి రోజు నుంచే వడ్డీ. గళ్ళలో అంకెలు ఎంత అందంగా ఉన్నా, కార్డు బిల్లు పూర్తిగా కట్టలేని నెల వచ్చిందంటే కోరికల గడి అబద్ధమాడుతోందన్నట్టే. ఆర్డీ రెండు నెలలకే విరిగింది, 11,200 వచ్చింది, మిగతాది ఆ నెల సోమవారాల్లోంచి కట్టి బాకీ తీర్చాడు. తొమ్మిది నెలల లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు.

ఈసారి మాత్రం నిలబడ్డాడు. జనవరి వచ్చేసరికి సంక్రాంతి ఫండులో చక్కగా డబ్బుంది. మనవాడు గర్వంగా గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తియ్యబోయాడు. రిజర్వేషన్ అరవై రోజుల ముందే తెరుస్తారని, తెరిచిన పూటే పండగ టికెట్లు అయిపోతాయని ఏ గడిలోనూ రాసుకోలేదు. ప్రైవేటు బస్సు మామూలు రేటుకి మూడింతలు చెబుతోంది.

బాబాయికి ఫోన్ చేశాడు. "బస్సు టికెట్టులో మామూలు రేటు అవసరం, పైన రెండింతలూ కోరికా బాబాయ్?"

"అది మీ అమ్మనడుగు," అని బాబాయి ఫోను అమ్మకిచ్చేశాడు. అమ్మ అరిసెలు చేస్తోంది. మనవాడు రాత్రి పదింటికి కూకట్‌పల్లిలో బస్సెక్కాడు.